పెట్టె పటంలో కనిపించని నడుము: వయొలిన్ ప్లాట్‌ను చదివే తీరు

ఒక దత్తాంశంలోని కొలతలన్నిటినీ అయిదు సంఖ్యలకు కుదించి, ఆ అయిదింటినీ ఒక పెట్టెగానూ, దాని రెండు చివరల నుంచి సాగే గీతలుగానూ చూపే పటాన్ని బాక్స్ ప్లాట్ అంటారు. అమెరికన్ గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ 1977లో వెలువరించిన గ్రంథంతో ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. దీనికి దగ్గరి రూపాన్ని మేరీ ఎలియనార్ స్పియర్ 1952 నాటికే తన పుస్తకంలో ఉంచారు గాని, పేరు మాత్రం టూకీకే దక్కింది. కొలతలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా పేర్చినప్పుడు సరిగ్గా మధ్యన పడే విలువను మధ్యగతం అంటారు. ఆ వరుసలో పాతిక వంతు దగ్గర పడేది మొదటి చతుర్థకం, ముప్పాతిక వంతు దగ్గర పడేది మూడవ చతుర్థకం. పెట్టె మొదటి చతుర్థకం నుంచి మూడవ చతుర్థకం దాకా ఉంటుంది, మధ్యగతం దగ్గర దానికి అడ్డుగీత పడుతుంది, పెట్టె చివరల నుంచి మీసాలనే గీతలు బయటికి సాగి, పెట్టె పొడవుకు ఒకటిన్నర రెట్లు మించని దూరంలో ఉన్న చిట్టచివరి కొలత దగ్గర ఆగుతాయి. ఆ హద్దు దాటిన కొలతలుంటే వాటిని విడి చుక్కలుగా పెడతారు.

ఈ పటం ఏమి చెబుతుందో, ఏమి చెప్పలేదో తెలుసుకోవడానికి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దత్తాంశం కన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనంలో ఉన్న ఈ వేడినీటి బుగ్గ, కొంతసేపు నీటిని, ఆవిరిని ఆకాశంలోకి చిమ్మి, ఆపైన గంటో గంటన్నరో ఊరుకుని మళ్ళీ చిమ్మడం వల్ల, 1870లో అక్కడికి వచ్చిన వాష్‌బర్న్ అన్వేషణ బృందం చేత ‘నమ్మదగిన ముసలిది’ అనే అర్థం వచ్చే ఆ పేరు పెట్టించుకుంది. గణాంక పరిశోధకులు వాడే R అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో `faithful` అనే పేరుతో ఉండే పట్టికలో ఈ బుగ్గ 272 సార్లు చిమ్మినప్పటి వివరాలున్నాయి: ప్రతిసారీ అది ఎన్ని నిమిషాలు చిమ్మింది, ఆ తరువాతి చిమ్మడం కోసం ఎన్ని నిమిషాలు ఆగవలసివచ్చింది అనేవి అందులోని రెండు నిలువు వరుసలు.

మొదట చిమ్మిన వ్యవధిని తీసుకుంటే, కనిష్ఠం 1.6 నిమిషాలు, మొదటి చతుర్థకం 2.163, మధ్యగతం 4.0, మూడవ చతుర్థకం 4.454, గరిష్ఠం 5.1 నిమిషాలు. పెట్టె 2.163 దగ్గర మొదలై 4.454 దగ్గర ముగుస్తుంది, అంటే దాని పొడవు సుమారు 2.29 నిమిషాలు, దానికి ఒకటిన్నర రెట్లు 3.44 కాబట్టి కిందివైపు హద్దు సున్నాకంటే దిగువకు, పైవైపు హద్దు 7.9 దరిదాపులకు పోతాయి, కొలతల్లో ఒక్కటీ ఆ హద్దులు దాటదు, విడి చుక్కలేవీ పడవు. పటం చూసిన వాడికి కనిపించేది ఇంతే: పొడవాటి పెట్టె ఒకటి, దాని పైభాగానికి దగ్గరగా జరిగిన మధ్యగతపు గీత, రెండు వైపులా పొట్టి మీసాలు. అడ్డుగీత పైకి జరిగింది కనుక కొలతలు కిందివైపు కొంచెం సాగి ఉన్నాయని, తక్కినదంతా సజావుగానే ఉందని పాఠకుడు అనుకుంటాడు. బుగ్గ సాధారణంగా రెండు నుంచి నాలుగున్నర నిమిషాల వరకు ఎంతసేపైనా చిమ్మవచ్చునని కూడా అనుకుంటాడు. ఈ రెండవ అభిప్రాయం పూర్తిగా తప్పు.

అది తప్పని గ్రహించడానికి కొలతలను అరనిమిషం వెడల్పున్న తరగతులుగా విడగొట్టి లెక్కపెడితే చాలు. 1.5 నుంచి 2 నిమిషాలలోపు 51, 2 నుంచి 2.5 లోపు 41, 2.5 నుంచి 3 లోపు 5, 3 నుంచి 3.5 లోపు 7, 3.5 నుంచి 4 లోపు 30, 4 నుంచి 4.5 లోపు 73, 4.5 నుంచి 5 లోపు 61, అయిదు ఆ పైన 4. రెండున్నర నుంచి మూడున్నర నిమిషాల మధ్య ఉన్న పూర్తి నిమిషం వెడల్పులో, మొత్తం 272లో పన్నెండంటే పన్నెండే పడ్డాయి. పటంలో పెట్టె నిండుగా, బలంగా కనిపించే భాగం సరిగ్గా ఇదే. కొలతలు దాదాపు లేని చోట మందపాటి పెట్టె కూర్చుని ఉండగా, కొలతలు కిక్కిరిసిన కింది చివరను ఒక సన్నని మీసం సూచిస్తోంది. ఇక సగటు వ్యవధి 3.488 నిమిషాలు, అది కూడా ఈ ఖాళీలోనే పడుతుంది, అంటే బుగ్గ దాదాపు ఎన్నడూ చిమ్మని వ్యవధి దానికి సగటు వ్యవధి అయింది.

ఇందులో బాక్స్ ప్లాట్ అబద్ధమేమీ చెప్పలేదన్న సంగతిని గుర్తించాలి. పెట్టెలోని రెండు గదులు, రెండు మీసాలు కలిపి నాలుగు భాగాలు. చుక్కలు విడిగా పడనప్పుడు ఒక్కొక్క భాగంలో పాతిక వంతు చొప్పున, ఇక్కడ సుమారు 68 కొలతలు ఉంటాయి. భాగం ఎంత పొట్టిదైతే అందులో కొలతలు అంత ఒత్తుగా ఉన్నట్టు, ఎంత పొడుగైతే అంత పలచగా ఉన్నట్టు. ఈ దత్తాంశంలో ఆ నాలుగు భాగాల పొడవులు వరుసగా 0.56, 1.84, 0.45, 0.65 నిమిషాలు కాబట్టి, రెండవ భాగం తక్కిన మూడింటికన్నా బాగా పలచనని గణకుడికి తెలుస్తుంది. అంతేకాదు, పెట్టె పొడవు మొత్తం వ్యాప్తిలో దాదాపు 65 శాతం ఉంది. కొలతలు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా సమానంగా పరచుకుని ఉంటే అది 50 శాతమే ఉండాలి, మధ్యలో గుట్టగా పోగై చివరలు పలచబడే మామూలు రకమైతే ఇంకా తక్కువే ఉండాలి. పెట్టె మీసాలకంటే ఇంత పొడవుగా ఉండటమే మధ్యభాగం బోలుగా ఉందనడానికి సూచన. అనుభవం ఉన్న వాళ్ళు పొట్టి మీసాల పెట్టెను చూసి అనుమానపడేది ఇందుకే, కానీ చాలామంది పాఠకులకు ఆ అలవాటు లేదు, పెట్టె నిండుదనమే కంటిని లాగుతుంది.

అయితే ఆ సూచన కూడా అనుమానం దగ్గరే ఆగిపోతుంది. 2.163 నుంచి 4.0 దాకా ఉన్న రెండవ భాగంలోని 68 కొలతలు సమానంగా పరచుకున్నా, నిమిషానికి 37 చొప్పున పడి, ఆ పెట్టె గీత మారకుండా అలాగే వస్తుంది; ఇప్పుడున్నట్టు రెండు కొసలకు తొలగి నడుమ పన్నెండు మాత్రమే మిగిలినా అదే పెట్టె వస్తుంది. చతుర్థకాలు తమ మధ్య ఎన్ని కొలతలున్నాయో చెబుతాయి గాని, ఆ కొలతలు అక్కడ ఎలా సర్దుకున్నాయో చెప్పవు. కొలతలు ఏ విలువల దగ్గర ఎంత ఒత్తుగా ఉన్నాయో తెలిపే ఆ సర్దుబాటునే గణాంక శాస్త్రంలో విభాజనం ఆకారం అంటారు, బాక్స్ ప్లాట్ దాచేది దాన్నే.

జెర్రీ హింట్జె, రే నెల్సన్ అనే ఇద్దరు 1998లో ‘ది అమెరికన్ స్టాటిస్టీషియన్’ పత్రికలో ప్రతిపాదించిన వయొలిన్ ప్లాట్ పుట్టింది ఈ లోటును పూరించడానికే. వాళ్ళు బాక్స్ ప్లాట్‌ను తీసివేయలేదు, దాన్ని సన్నగా చేసి నడుమ ఉంచి, దానికి రెండు పక్కలా సాంద్రతా వక్రాన్ని అద్దంలో ప్రతిబింబంలా చేర్చారు. సాంద్రత అంటే ఒక విలువ పరిసరాల్లో కొలతలు ఎంత ఒత్తుగా ఉన్నాయన్నది. దాన్ని లెక్కించే పద్ధతికి మర్రే రోసెన్‌బ్లాట్ 1956లో, ఇమాన్యుయెల్ పార్జెన్ 1962లో వేసిన పునాది ఉంది. ఆ పద్ధతిని కెర్నెల్ పద్ధతి అంటారు. కొలబద్ద పొడవునా ఒక్కొక్క కొలత ఉన్న చోట ఒక్కొక్క దోసెడు ఇసుక పోసినట్టు ఊహించుకుంటే, కొలతలు దగ్గరదగ్గరగా ఉన్న చోట కుప్పలు ఒకదానిమీదొకటి చేరి గుట్ట అవుతుంది, ఎడంగా ఉన్న చోట నేల కనిపిస్తుంది. అన్ని కుప్పలనూ కలిపిన పై అంచే సాంద్రతా వక్రం, ఆ చిన్న కుప్ప ఆకారమే కెర్నెల్, అది ఎంత వెడల్పుగా జారి పరచుకోవాలో నిర్ణయించే సంఖ్యను బ్యాండ్‌విడ్త్ అంటారు.

ఆ వక్రాన్ని నిలువుగా తిప్పి, దాని ప్రతిబింబాన్ని రెండవ పక్కన అతికిస్తే వయొలిన్ తయారవుతుంది. కాబట్టి దాన్ని చదివేటప్పుడు నిలువు అక్షం మీద కొలత విలువను, ఆ విలువ దగ్గర ఆకారానికున్న వెడల్పులో సాంద్రతను చూడాలి. కుడి సగంలో ఉన్నది ఎడమ సగంలోనూ ఉంటుంది, ప్రతిబింబం కంటి సౌకర్యం కోసమే తప్ప అందులో కొత్త సమాచారం లేదు, అందుచేతనే కొందరు గణాంక శాస్త్రజ్ఞులు దీన్ని సిరా దండగ అని విసుక్కుంటారు. ఆ విసుగులో కొంత న్యాయం లేకపోలేదు గాని, సౌష్ఠవంగా ఉన్న ఆకారాలను పక్కపక్కన పెట్టి పోల్చడం కంటికి తేలిక అన్నదీ నిజమే. వయొలిన్ బాగా ఉబ్బిన చోటును బాహుళకం అంటారు, కొలతలు ఎక్కువగా పోగైన విలువ అది. ఒకే ఉబ్బు ఉంటే ఏకశిఖర విభాజనం, రెండుంటే ద్విశిఖర విభాజనం.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వ్యవధులకు వయొలిన్ గీస్తే రెండు నిమిషాల దగ్గర ఒక ఉబ్బు, నాలుగుంబావు నాలుగున్నర దగ్గర మరొక పెద్ద ఉబ్బు కనిపించి, మూడు నిమిషాల ప్రాంతంలో ఆకారం దారంలా సన్నబడుతుంది. లోపల ఉంచిన చిన్న పెట్టె ఆ సన్నని నడుము మీదుగా కింది ఉబ్బు నుంచి పై ఉబ్బులోకి పోతూ ఉంటుంది, ఆ దృశ్యం ఒక్కటే బాక్స్ ప్లాట్ ఎక్కడ మోసపుచ్చిందో చెప్పేస్తుంది. పెట్టె అంచులు రెండూ రెండు ఉబ్బుల్లో ఉండగా నడుమ భాగం ఖాళీలో ఉంది. పై ఉబ్బు వైశాల్యం కింది దానికంటే ఎక్కువ, ఎందుకంటే మూడు నిమిషాలలోపు చిమ్మినవి 97, మూడు ఆ పైన చిమ్మినవి 175. మధ్యగతం నాలుగు నిమిషాల దగ్గర పడటానికి కారణం ‘కిందికి సాగిన’ ఒకే గుంపు కాదు, రెండు గుంపుల్లో పెద్దది పైన ఉండటం. ఈ పటాన్ని R లో `ggplot2` సహాయంతో గీయడానికి నాలుగు పంక్తులు సరిపోతాయి:

```r
library(ggplot2)
ggplot(faithful, aes(x = "", y = eruptions)) +
  geom_violin(bw = 0.14) +
  geom_boxplot(width = 0.08)
```

వ్యవధుల పెట్టె కనీసం పొట్టి మీసాలతో అనుమానం కలిగించింది; పట్టికలోని రెండవ వరుస, అంటే తరువాతి చిమ్మడం కోసం ఆగిన సమయం, ఆ మాత్రం కూడా చెప్పదు. దాని అయిదు సంఖ్యలు 43, 58, 76, 82, 96 నిమిషాలు. మీసాల పొడవులు 15, 14, పెట్టె పొడవు 24, మొత్తం వ్యాప్తిలో దాదాపు 45 శాతం. అడ్డుగీత కొంచెం పైకి ఉందన్నది తప్పిస్తే పాఠ్యపుస్తకంలో బొమ్మలాంటి పెట్టె. వయొలిన్ మాత్రం ఇక్కడా రెండు ఉబ్బులనే చూపుతుంది, ఒకటి 50ల నడుమ, మరొకటి 80 చుట్టూ. లెక్కపెట్టి చూసినా అదే తేలుతుంది: 50 దాటి 60 నిమిషాల వరకు 57, 60 దాటి 70 వరకు 24, 75 దాటి 85 వరకు 109. సగటు 70.9 నిమిషాలు, అది పలచని చోటికీ గుట్టకీ మధ్యనున్న వాలులో పడింది. సగటు నమ్ముకుని వచ్చిన యాత్రికుడు చాలా సందర్భాల్లో పది నిమిషాలో పావుగంటో ముందో వెనకో అవుతాడు.

రెండు ఉబ్బులు కనిపించినప్పుడు గణకుడు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: రెండు వేరువేరు గుంపులు ఒకే పేరు కింద కలిసిపోయాయా? ఇక్కడ ఆ ప్రశ్నకు జవాబు పక్క వరుసలోనే ఉంది. మూడు నిమిషాలలోపు చిమ్మిన 97 సందర్భాల తరువాత ఆగిన సమయాలకు ఒక వయొలిన్, అంతకు మించి చిమ్మిన 175 సందర్భాల తరువాత ఆగిన సమయాలకు మరొక వయొలిన్ విడివిడిగా గీస్తే, ద్విశిఖరం మాయమై, మొదటిది 54 నిమిషాల పరిసరాల్లోనూ రెండవది 80 పరిసరాల్లోనూ ఉబ్బిన రెండు ఏకశిఖర ఆకారాలు వస్తాయి. భూగర్భంలో దీనికి కారణం చెప్పుకోదగినదే. బుగ్గ కొద్దిసేపే చిమ్మి ఆగినప్పుడు దాని నాళంలోనూ, దానికి అనుసంధానమైన పగుళ్ళలోనూ వేడినీరు చాలావరకు మిగిలిపోతుంది కాబట్టి తిరిగి నిండి, మరిగే స్థితికి రావడానికి తక్కువ సమయం చాలు. ఎక్కువసేపు చిమ్మినప్పుడు నీరు, వేడి రెండూ ఎక్కువగా ఖర్చయి, కోలుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఉద్యానవన సిబ్బంది తరువాతి చిమ్మడం ఎప్పుడో సందర్శకులకు చెప్పేటప్పుడు అంతకుముందు ఎంతసేపు చిమ్మిందన్న దాన్నే ఆధారంగా తీసుకుంటారు, సగటును కాదు. (ఈ అంకెలు ఈనాటివి కావని కూడా గమనించాలి, భూకంపాల ప్రభావంతో దశాబ్దాలుగా ఈ బుగ్గ విరామాలు పెరుగుతూ, ఇప్పుడు గంటన్నర దరిదాపులకు చేరాయి.)

వయొలిన్ ప్లాట్ ఇంత స్పష్టంగా మాట్లాడుతున్నప్పుడు దాన్ని గుడ్డిగా నమ్మాలనిపించడం సహజమే, కాని ఆ ఆకారం కొలతల నుంచి ఎంత వచ్చిందో బ్యాండ్‌విడ్త్ నుంచీ అంత వచ్చింది. R తానుగా ఎంచుకునే బ్యాండ్‌విడ్త్ బ్రిటిష్ గణాంక శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ సిల్వర్‌మన్ పేరుమీద చెలామణి అయ్యే ఈ సూత్రం నుంచి వస్తుంది:

```
h = 0.9 × min(s, IQR/1.34) × n^(-1/5)
```

ఇందులో s అనేది క్రమవిచలనం, అంటే కొలతలు సగటు నుంచి సామాన్యంగా ఎంత దూరంలో ఉన్నాయో తెలిపే సంఖ్య. IQR అనేది పెట్టె పొడవు. n అనేది కొలతల సంఖ్య. వ్యవధుల విషయంలో s 1.141, పెట్టె పొడవును 1.34 తో భాగిస్తే 1.71, రెండింటిలో చిన్నది 1.141, 272 ను మైనస్ అయిదో వంతు ఘాతానికి హెచ్చిస్తే 0.326, మూడింటినీ గుణిస్తే 0.335 నిమిషాలు. ఈ సూత్రం ఒకే గుట్ట ఉన్న దత్తాంశాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనది, అందులోనే ఉంది చిక్కు. ఇక్కడి క్రమవిచలనంలో సింహభాగం రెండు గుంపుల మధ్య ఉన్న ఎడం వల్ల వచ్చింది, గుంపు లోపలి చెదురు ఒక్కొక్కదానిలో అరనిమిషానికి తక్కువే. కనుక సూత్రం తాను చూపవలసిన ఆ ఎడాన్నే కొలతగా తీసుకుని కుప్పలను అవసరానికి మించి పరచింది. ఫలితంగా ఉబ్బులు మొండిగా మారాయి: 4 నుంచి 4.5 నిమిషాల తరగతిలో 73 కొలతలున్నందున అక్కడి సాంద్రత నిమిషానికి 0.54 ఉండగా, ఈ బ్యాండ్‌విడ్త్‌తో గీసిన వక్రం అత్యున్నత స్థానంలో 0.48 దగ్గరే ఆగుతుంది. షీథర్, జోన్స్ అనే ఇద్దరు 1991లో సూచించిన మరొక పద్ధతి, వక్రం ఎంత వంపులు తిరుగుతోందో దత్తాంశం నుంచే అంచనా వేసుకుని, ఇదే పట్టికకు 0.14 ఇస్తుంది, పైన ఇచ్చిన పంక్తుల్లో ఆ సంఖ్య రాయడానికి కారణం అదే.

అదృష్టవశాత్తు ఈ బుగ్గ విషయంలో రెండు గుంపులు బాగా ఎడంగా ఉన్నాయి గనుక 0.335 తోనూ నడుము నిలిచింది. బ్యాండ్‌విడ్త్‌ను ఒకటిన్నర నిమిషానికి పెంచితే రెండు ఉబ్బులూ కరిగి ఒకే పొట్టగా కలిసిపోతాయి, అప్పుడు వయొలిన్ బాక్స్ ప్లాట్ దాచినదాన్నే మరింత అందంగా దాచిపెడుతుంది. 0.02 కు దిగితే వక్రం పన్నులు విరిగిన దువ్వెనలా అవుతుంది, ఆ పన్నుల్లో కొన్ని మాత్రం ఒక నిజాన్ని బయటపెడతాయి: వ్యవధులను మొదట సెకండ్లలో కొలిచిన వాళ్ళు అయిదు సెకండ్ల గుణిజాలకు సవరించి రాసుకునే అలవాటు వల్ల, ఆ విలువలు ఉండవలసిన దానికంటే ఎక్కువసార్లు వచ్చాయి. అది బుగ్గ స్వభావం కాదు, గడియారం చూసిన మనిషి స్వభావం. ఏ ఉబ్బు నిజమో తేల్చుకోవడానికి సులువైన మార్గం, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన బ్యాండ్‌విడ్త్‌ను సగం చేసి ఒకసారి, రెట్టింపు చేసి ఒకసారి గీసి చూడటం. రెండింటిలోనూ నిలిచే ఉబ్బును నమ్మవచ్చు, ఒకదానిలో కనిపించి మరొకదానిలో మాయమయ్యేదాన్ని సోపాన చిత్రంతో, అంటే తరగతుల లెక్కను దిమ్మెలుగా చూపే పటంతో, సరిచూసుకోవాలి.

కుప్పలు జారి పరచుకుంటాయి కనుక చివరి కొలతల దగ్గర పోసిన ఇసుకలో కొంత కొలతలు లేని చోటికి కూడా పోతుంది. R లోని `density` ప్రమేయం రెండు చివరలా మూడేసి బ్యాండ్‌విడ్త్‌లు ముందుకు సాగుతుంది కాబట్టి, కనిష్ఠం 1.6 అయిన ఈ దత్తాంశానికి దాని వక్రం 0.6 దగ్గర మొదలై, గరిష్ఠం 5.1 అయినా 6.1 దాకా పోతుంది. `ggplot2` ఆ తోకలను తనంతట తాను కత్తిరిస్తుంది. పైథాన్ భాషలో వాడే `seaborn` రెండేసి బ్యాండ్‌విడ్త్‌లు వదిలిపెడుతుంది, వద్దనుకుంటే `cut=0` అని చెప్పాలి. బుగ్గ విషయంలో ఇది పెద్ద హాని చేయదు గాని, వర్షపాతంలా సున్నాకు దిగువకు పోలేని కొలతలకు, నూటికి వేసిన మార్కుల్లా రెండు వైపులా గోడలున్న కొలతలకు వయొలిన్ గీసినప్పుడు, మైనస్ వర్షం కురిసినట్టో నూటికి నూటపది వచ్చినట్టో పటం చూపుతుంది. తోకను కత్తిరించినా మరొక లోటు మిగులుతుంది: గోడ దగ్గర సగం ఇసుక అవతలికి పోయింది కనుక, ఎక్కువ రోజులు వాన లేని ఊరి వయొలిన్‌లో సున్నా దగ్గర ఉండవలసిన వెడల్పు ఉండదు.

రెండు వయొలిన్‌లను పక్కపక్కన పెట్టినప్పుడు వెడల్పులను దేనితో సరితూచారో కూడా తెలిసి ఉండాలి. `ggplot2` మామూలుగా అన్ని వయొలిన్‌ల వైశాల్యాన్నీ సమానం చేస్తుంది, అందువల్ల 97 సందర్భాల గుంపూ 175 సందర్భాల గుంపూ ఒకే బరువుతో కనిపిస్తాయి. `scale = "count"` అని రాస్తే వైశాల్యం కొలతల సంఖ్యను బట్టి మారుతుంది. `matplotlib` ఒక్కొక్క వయొలిన్‌నూ దాని అత్యధిక వెడల్పు ఒకే హద్దుకు చేరేట్టు సాగదీస్తుంది, కాబట్టి అక్కడ ఒక వయొలిన్ వెడల్పును మరొక దాని వెడల్పుతో పోల్చడానికి వీలులేదు. పటం కింద ఈ సంగతి రాయని వ్యాసాలే ఎక్కువ.

అన్నిటికన్నా తరచుగా జరిగే తప్పు మాత్రం చాలా తక్కువ కొలతలకు వయొలిన్ గీయడం. ఎనిమిదో పదో కొలతలున్నప్పుడు కూడా సాఫ్ట్‌వేర్ నున్నని వంపుల ఆకారాన్నే ఇస్తుంది, ఆ నునుపు వందల కొలతల నుంచి వచ్చినట్టు నమ్మిస్తుంది. రెండు మూడు కొలతలు అటూ ఇటూ అయితే ఉబ్బులు పుట్టి, పోతాయి. ఆ స్థితిలో బాక్స్ ప్లాట్ కూడా పెద్దగా మెరుగు కాదు, కొలతలను చుక్కలుగా పెట్టి ఊరుకోవడమే నిజాయితీ. కొలతలు ఎక్కువగా ఉన్నప్పుడు కూడా వయొలిన్ లోపల చుక్కలను సన్నగా చల్లి ఉంచితే, ఏ ఉబ్బు ఎన్ని కొలతల మీద నిలబడిందో, ఆ కొలతలు ఎలా పుట్టాయో పాఠకుడు కళ్ళారా చూడగలుగుతాడు.

చుక్కల అవసరం ఎంతో తెలియడానికి ఇదే బుగ్గకు చెందిన మరొక పట్టిక ఉంది. 1985 ఆగస్టు 1 నుంచి 15 వరకు రాత్రింబవళ్ళు ఆపకుండా నమోదు చేసిన 299 కొలతలను అజ్జలీని, బౌమన్ 1990లో ప్రచురించారు. R లోని `MASS` ప్యాకేజీలో అది `geyser` అనే పేరుతో దొరుకుతుంది. చీకట్లో సరిగ్గా కొలవలేకపోయిన కొన్ని వ్యవధులను పరిశీలకులు ‘పొట్టి’, ‘మధ్యస్థం’, ‘పొడుగు’ అని మాటల్లో రాసుకోగా, ఆ తరువాత వాటిని 2, 3, 4 నిమిషాలుగా పట్టికలోకి ఎక్కించారు. వాటిని అలాగే ఉంచి చిన్న బ్యాండ్‌విడ్త్‌తో వయొలిన్ గీస్తే, సరిగ్గా 2 దగ్గర, సరిగ్గా 4 దగ్గర పదునైన ఉబ్బులు లేస్తాయి. రెండు నిమిషాల దగ్గర నిజంగానే ఒక గుంపు ఉంది కనుక అక్కడి పదునును ఎవరూ శంకించరు; నాలుగు దగ్గర లేచిన మొన మాత్రం, నాలుగుంబావు పైన ఉండవలసిన పెద్ద గుట్టకు పక్కనే మూడవ శిఖరంలా నిలిచి, బుగ్గకు మూడవ రకం చిమ్మడం కూడా ఉందేమోనన్న ఊహకు తావిస్తుంది. వయొలిన్ వెడల్పులో ఆ సంగతి తేలదు. లోపల చుక్కలు చల్లి చూస్తే, తక్కిన చుక్కలు దశాంశాలతో చెదురుగా ఉండగా, రెండు, నాలుగు అన్న గీతల మీద మాత్రం తాడుకు కట్టినట్టు ఒకే ఎత్తున వరుసగా నిలబడి ఉంటాయి.